ఎత్తు తెలిస్తే వాలు తెలిసినట్టే

ఒక వక్రరేఖ మీద ఏదో ఒక బిందువు దగ్గర వాలు ఎంతుందో చెప్పమంటే ఇంటర్మీడియట్ విద్యార్థి ఏం చేస్తాడు? ముందు ఆ ప్రమేయానికి అవకలజం కడతాడు. తర్వాత ఆ బిందువు x విలువను అందులో వేసి మళ్లీ లెక్క చేస్తాడు. ప్రమేయం విలువ ఒక లెక్క, దాని వాలు ఇంకో లెక్క. సిగ్మాయిడ్ అనే ప్రమేయం దగ్గర మాత్రం ఈ రెండో లెక్క దాదాపుగా అక్కర్లేదు. మొదటి లెక్కలో వచ్చిన జవాబును తీసుకుని, దాన్ని 1లోంచి తీసేసి, ఆ రెండింటినీ గుణిస్తే చాలు. వాలు వచ్చేస్తుంది. x ఎంతో గుర్తుపెట్టుకోవాల్సిన పని కూడా లేదు.

న్యూరల్ నెట్‌వర్కులకు పాఠం నేర్పే పద్ధతి నిలదొక్కుకున్న తొలి రోజుల్లో ఈ చిన్న సదుపాయం చాలా పని చేసిపెట్టింది. ఆ నెట్‌వర్కులు లోతుగా పెరిగేకొద్దీ ఎదురైన ఒక పెద్ద అడ్డంకి కూడా ఈ సూత్రంలోనే దాగి ఉంది.

ముందు ప్రమేయాన్ని చూద్దాం. న్యూరాన్ అని పిలిచే చిన్న గణన యూనిట్ తనకు అందిన సంఖ్యలను వాటి వెయిట్లతో గుణించి, కూడి, z అనే ఒక మొత్తం తయారుచేస్తుంది. ఈ z ఎంతైనా కావచ్చు: మైనస్ 50 కావచ్చు, 3 కావచ్చు, 400 కావచ్చు. సిగ్మాయిడ్ దాన్ని 0కీ 1కీ మధ్యకు కుదిస్తుంది.

a = 1 / (1 + e^(−z))

z సున్నా అయితే a సరిగ్గా 0.5. z పెరిగేకొద్దీ a ఒకటికి దగ్గరవుతుంది, తగ్గేకొద్దీ సున్నాకు దగ్గరవుతుంది. గీసి చూస్తే సాగదీసిన ఇంగ్లీషు S అక్షరంలా ఉంటుంది. రెండు చివర్లా నేలబారుగా, నడుమ ఏటవాలుగా.

ఇప్పుడు దీని అవకలజం. భాగహార సూత్రం వాడి చేయొచ్చు గానీ, ఇంతకన్నా తేలికైన దారి ఒకటుంది. పై సమీకరణాన్ని కాస్త అటూ ఇటూ జరిపితే ఇలా అవుతుంది:

a × (1 + e^(−z)) = 1

కుడివైపు 1 స్థిరం, దాని అవకలజం సున్నా. ఎడమవైపు రెండు ప్రమేయాల గుణకారం. గుణకార సూత్రం ప్రకారం, e^(−z) అవకలజం −e^(−z) అని గుర్తుంచుకుంటే, వచ్చేది ఇది:

a′ × (1 + e^(−z)) − a × e^(−z) = 0

బ్రాకెట్లో ఉన్న 1 + e^(−z) అంటే 1/a అని మొదటి వరసే చెబుతోంది. అంటే e^(−z) విలువ (1 − a)/a. ఈ రెండింటినీ ప్రతిక్షేపిస్తే z పూర్తిగా మాయమై మిగిలేది:

a′ = a × (1 − a)

నమ్మకం కుదరకపోతే అంకెలతో సరిచూసుకోవచ్చు. z = 1 దగ్గర a విలువ 0.7311. సూత్రం చెప్పే వాలు 0.7311 × 0.2689, అంటే 0.1966. ఇప్పుడు z ని కాస్త జరిపి 1.01 చేస్తే a 0.7330 అవుతుంది. 0.01 జరిగినందుకు పెరిగింది దాదాపు 0.00196. భాగిస్తే 0.196. రెండూ కలిశాయి.

నిజానికి ఎప్పుడూ పైకి ఎక్కుతూ పోయే ఏ వక్రానికైనా, ఎత్తు తెలిస్తే మనం ఎక్కడున్నామో తెలిసిపోతుంది, కాబట్టి వాలు కూడా తెలుసుకోవచ్చు. అయితే మామూలుగా ఎత్తు నుంచి స్థానానికి వెనక్కి వెళ్లే ఆ దారి గజిబిజిగా ఉంటుంది. సిగ్మాయిడ్ దగ్గర అది ఒక తీసివేత, ఒక గుణకారంతో ముగిసిపోవడమే విశేషం.

ఇది కాకతాళీయం కూడా కాదు. 1838లో బెల్జియం గణితజ్ఞుడు పియర్ ఫ్రాన్స్వా వెర్హుల్స్ట్ జనాభా పెరుగుదల మీద ఒక వ్యాసం రాశాడు. జనాభా చక్రవడ్డీలా అంతూపొంతూ లేకుండా పెరగదనీ, చోటూ తిండీ తరిగేకొద్దీ వేగం తగ్గుతుందనీ ఆయన వాదన. గుర్రపు డెక్క పట్టిన చెరువును తలుచుకుంటే ఆయన సమీకరణం కళ్లకు కడుతుంది. డెక్క ఎంత ఉంటే అంత పిలకలు వేస్తుంది. కానీ కొత్త పిలక నిలవాలంటే ఖాళీ నీళ్లుండాలి. కాబట్టి పెరిగే వేగం రెండింటి మీదా ఆధారపడుతుంది: కమ్మేసిన భాగం, ఇంకా మిగిలిన భాగం. కమ్మేసింది a అయితే మిగిలింది 1 − a. చెరువులో పదోవంతు కమ్మినప్పుడు ఈ గుణకారం 0.09. సగం కమ్మినప్పుడు 0.25, అదే గరిష్ఠం. తొంభై శాతం కమ్మాక మళ్లీ 0.09.

వెర్హుల్స్ట్ ముందు రాసుకున్నది ఈ వేగపు సమీకరణాన్నే. దాన్ని సాధిస్తే వచ్చిన వక్రం సిగ్మాయిడ్. 1845లో ఆయనే దానికి లాజిస్టిక్ అని పేరు పెట్టాడు. అంటే a(1 − a) అనేది సిగ్మాయిడ్‌కు తర్వాత ఎవరో కనిపెట్టి తగిలించిన గుణం కాదు. ఆ ప్రమేయం పుట్టిందే అందులోంచి.

జనాభా లెక్కల్లోని ఈ వక్రం న్యూరల్ నెట్‌వర్కుల్లోకి రావడానికి కారణం వేరే ఉంది. 1958లో ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ వర్ణించిన పెర్సెప్ట్రాన్‌లో న్యూరాన్ జవాబు అవునో కాదో, రెండే. మొత్తం ఒక హద్దు దాటితే 1, లేకపోతే 0. దాని గ్రాఫ్ మెట్టులా ఉంటుంది. మెట్టుకు ఇటూ అటూ వాలు సున్నా, ఎగిరే చోట వాలే లేదు. ఒకే వరస న్యూరాన్లుంటే దీనితో నెట్టుకురావచ్చు. వరస మీద వరస పేర్చినప్పుడు చిక్కొచ్చింది. చివరి జవాబు తప్పైతే, లోపలి వరసలోని ఏ వెయిట్‌ను ఎటువైపు ఎంత కదపాలి? వెయిట్‌ను కాస్త కదిపితే జవాబు ఎంత కదులుతుందో చెప్పేది వాలు. మెట్టుకు వాలు లేదు కాబట్టి లోపలి వరసలకు దారి మూసుకుపోయింది.

1986 అక్టోబర్‌లో నేచర్ పత్రికలో డేవిడ్ రూమెల్‌హార్ట్, జెఫ్రీ హింటన్, రొనాల్డ్ విలియమ్స్ ప్రచురించిన వ్యాసం ఈ చిక్కును విప్పే పద్ధతిని అందరి దృష్టికీ తెచ్చింది. తప్పును చివరి వరస నుంచి వెనక్కి పంచుకుంటూ రావడం, అదే బ్యాక్‌ప్రాపగేషన్. ఆ ఆలోచన పూర్తిగా కొత్తదేమీ కాదు, అంతకుముందే పాల్ వెర్బోస్ లాంటివారు దాన్ని రాశారు. 1986 వ్యాసంలో న్యూరాన్‌కు మెట్టు బదులు సిగ్మాయిడ్ పెట్టారు, దాని వాలును ప్రమేయం విలువతోనే రాశారు.

ఒకే ఒక్క న్యూరాన్‌తో ఈ పని ఎలా జరుగుతుందో లెక్క చేసి చూద్దాం. ఫోన్‌కు వచ్చిన మెసేజ్ స్పామ్ అవునా కాదా అని అది చెప్పాలనుకుందాం. మెసేజ్‌లోని ఏదో ఒక లక్షణాన్ని కొలిచి ఇచ్చిన సంఖ్య x = 1.5. వెయిట్ w = 0.8, దానికి తోడు బయాస్ b = −0.2. అప్పుడు z = 0.8 × 1.5 − 0.2 = 1. జవాబు a = 0.7311. అంటే ఇది స్పామే కావచ్చని న్యూరాన్ 73 శాతం నమ్ముతోంది. అసలు సంగతేమిటంటే అది మామూలు మెసేజ్. రావాల్సిన జవాబు y = 0.

తప్పును కొలవడానికి తేడా వర్గంలో సగం తీసుకుందాం: E = ½(a − y)². ఇక శృంఖల నియమం ప్రకారం వెనక్కి నడవాలి. a మారితే E ఎంత మారుతుంది? a − y, అంటే 0.7311. z మారితే a ఎంత మారుతుంది? a(1 − a), అంటే 0.1966. w మారితే z ఎంత మారుతుంది? x, అంటే 1.5. మూడూ గుణిస్తే 0.2156. వెయిట్‌ను దీనికి వ్యతిరేక దిశలో జరపాలి. ఎంత దూరం జరపాలో నిర్ణయించే లెర్నింగ్ రేటు 0.5 అనుకుంటే కొత్త w = 0.8 − 0.1078 = 0.6922. అదే విధంగా b కూడా −0.2719 అవుతుంది. అదే మెసేజ్‌ను మళ్లీ చూపిస్తే z 0.7664కు దిగుతుంది, జవాబు 0.6827 వస్తుంది. ఒక్క అడుగులో 73 శాతం 68కి తగ్గింది. ఇలాంటి అడుగులు వేల మెసేజ్‌ల మీద వేయించడమే శిక్షణ.

ఈ లెక్కలో మధ్యనున్న 0.1966 కోసం కొత్తగా ఏమీ చేయలేదని గమనించాలి. ముందుకు వెళ్లేటప్పుడు e^(−1) కట్టి, కూడి, భాగించి 0.7311 తెచ్చుకున్నాం. వెనక్కి వచ్చేటప్పుడు ఆ సంఖ్యే చేతిలో ఉంది. అవకలజాన్ని e^(−z)/(1 + e^(−z))² రూపంలోనే ఉంచి ఉంటే, z ని దాచుకుని ఘాతాన్ని మళ్లీ కట్టాల్సి వచ్చేది. కంప్యూటర్‌కు కూడిక, గుణకారం కంటే ఘాతం కట్టడం ఖరీదైన పని. 1986 నాటి యంత్రాల మీద అది లెక్కలోకి తీసుకోవాల్సిన ఖర్చే.

నేటి చిప్‌ల మీద ఆ వేగం సంగతి అంత పెద్దది కాదు. ఇప్పుడు ఎక్కువ విలువైనది మెమరీ ఆదా. ఒక వరసలో 1,000 న్యూరాన్లుండి, ఒకేసారి 256 నమూనాలను ముందుకు పంపితే 2,56,000 విలువలు పుడతాయి. 32-బిట్ సంఖ్యలైతే అది ఇంచుమించు ఒక మెగాబైట్. తర్వాతి వరస లెక్కల కోసం a విలువలను ఎలాగూ దాచుకోవాలి. వాలుకు కూడా అవే చాలు కాబట్టి z విలువల కోసం ఇంకో మెగాబైట్ పక్కన పెట్టుకోనక్కర్లేదు. పైటార్చ్‌లో సిగ్మాయిడ్ వెనుక అడుగు ఇప్పటికీ ఇలాగే నడుస్తుంది: అది దాచుకునేది ఇన్‌పుట్‌ను కాదు, వచ్చిన ఫలితాన్ని.

ఇంత సులువైన సూత్రం దగ్గర కూడా ప్రోగ్రామ్ రాసేవాళ్లు పొరపడే చోటు ఒకటుంది. సరైన రూపం ఇది:

```python
a = sigmoid(z)
d = a * (1 - a)
```

అవకలజం అంటే σ(1 − σ) అని బట్టీ పట్టిన చేయి ఒక్కోసారి ఇలా రాస్తుంది:

```python
d = sigmoid(a) * (1 - sigmoid(a))
```

సిగ్మాయిడ్‌లోంచి ఒకసారి బయటికి వచ్చిన సంఖ్యను మళ్లీ సిగ్మాయిడ్‌లో వేసినట్టయింది. దీంట్లో ప్రమాదం ఏమిటంటే ప్రోగ్రామ్ ఆగిపోదు, ఎర్రర్ చూపించదు. పైగా తప్పు తగ్గుతూనే ఉంటుంది. కారణం సులువుగానే తెలుస్తుంది. a ఎప్పుడూ 0కీ 1కీ మధ్యే ఉంటుంది. దాన్ని మళ్లీ సిగ్మాయిడ్‌లో వేస్తే 0.5కూ 0.7311కూ మధ్య వస్తుంది. కాబట్టి ఈ తప్పుడు వాలు ఎప్పుడూ 0.1966కూ 0.25కూ మధ్యే తిరుగుతుంది. గుర్తు సరైనదే కనుక ఒక్క న్యూరాన్ దగ్గర అడుగు సరైన దిశలోనే పడుతుంది, పరిమాణం మాత్రం అబద్ధం. z = 6 దగ్గర అసలు వాలు 0.0025 దాకా ఉంటే, తప్పుడు లెక్క 0.197 అని చెబుతుంది. దాదాపు 80 రెట్లు ఎక్కువ. పలు వరసల నెట్‌వర్క్‌లో ఈ అబద్ధాలు ఒకదానితో ఒకటి గుణించుకుని, వేర్వేరు వెయిట్లకు వేర్వేరు నిష్పత్తుల్లో చేరతాయి.

దీన్ని పట్టుకునే మార్గం సూత్రాలను పక్కనపెట్టి నేరుగా కొలవడమే. పై ఉదాహరణలో w ని 0.8 నుంచి 0.801కి జరిపి E ఎంత మారిందో చూడాలి. 0.2672233 కాస్తా 0.2674389 అవుతుంది. తేడాను 0.001తో భాగిస్తే 0.2156. సరైన సూత్రం ఇచ్చింది ఇదే. తప్పుగా రాసిన కోడ్ 0.24 చూపిస్తుంది. ఇలాంటి పరీక్షను గ్రేడియెంట్ చెక్ అంటారు. కొద్ది వెయిట్ల మీద చేసినా దొంగ బయటపడతాడు.

కోడ్ సరిగ్గానే ఉన్నా వచ్చే చిక్కు ఇంకొకటుంది. అది సూత్రం స్వభావంలోనే ఉంది. మామూలు మెసేజ్‌ను చూసి మన న్యూరాన్ z = 6 తెచ్చుకుందనుకుందాం. a = 0.9975. అంటే ఘోరంగా పొరబడింది, పైగా గట్టి నమ్మకంతో పొరబడింది. ఎక్కువగా దిద్దాల్సింది ఇక్కడే. కానీ వాలు 0.9975 × 0.0025. తప్పు దాదాపు 1 ఉన్నా, దాన్ని ఈ వాలుతో గుణించేసరికి z కు అందే దిద్దుబాటు 0.0025 మాత్రమే. z = 1 దగ్గర, ఇంతకంటే చిన్న తప్పుకు, అందింది 0.1437. ఎక్కువ తప్పు చేసినవాడికి తక్కువ పాఠం అన్నమాట.

రూమెల్‌హార్ట్ బృందం ఈ చివరల చిక్కును గమనించింది. సిగ్మాయిడ్ సరిగ్గా 0ని గానీ 1ని గానీ చేరాలంటే వెయిట్లు అనంతం కావాలి. అందుకని లక్ష్యాలుగా 0.1, 0.9 పెట్టుకోవడం తమ అలవాటని వాళ్లు 1986లోనే వచ్చిన తమ పుస్తకంలో రాశారు. ఇది తాత్కాలిక ఉపశమనమే.

సరైన మందు తప్పును కొలిచే పద్ధతిని మార్చడంలో దొరికింది. రావాల్సిన జవాబు 0 అయితే E = −ln(1 − a) అని కొలవాలి. a ఒకటికి దగ్గరయ్యేకొద్దీ ఈ E ఆకాశానికి ఎగబాకుతుంది. దీని అవకలజం 1/(1 − a). ఇప్పుడు సిగ్మాయిడ్ వాలుతో గుణించి చూడండి: a(1 − a) ని (1 − a) తో భాగిస్తే మిగిలేది a ఒక్కటే. రావాల్సిన జవాబు 1 అయినప్పుడు E = −ln a. అవకలజం −1/a. వాలుతో గుణిస్తే −(1 − a), అంటే a − 1. రెండు సందర్భాల్లోనూ వచ్చింది a − y. చిక్కు తెచ్చిన a(1 − a) పూర్తిగా కొట్టుకుపోయింది. z = 6 దగ్గర దిద్దుబాటు ఇప్పుడు 0.0025 కాదు, 0.9975. క్రాస్ ఎంట్రొపీ అని పిలిచే ఈ కొలతకూ సిగ్మాయిడ్‌కూ ఇంత చక్కగా జత కుదరడం వాలును a తోనే రాసుకోవడం వల్ల ఒక్క చూపులో తెలిసిపోతుంది. e ఘాతాలతో రాస్తే ఇది కనపడేది కాదు.

అయితే ఈ కొట్టివేత చివరి వరసకే దక్కుతుంది. లోపలి ప్రతి వరసా వెనక్కి వస్తున్న సంకేతాన్ని తన వెయిట్లతో పాటు తన a(1 − a) తో కూడా గుణిస్తుంది. ఇది a = 0.5 దగ్గర 0.25ను తాకుతుంది, అంతకు మించి ఎక్కడా పోదు. అంటే వెయిట్ల సంగతి పక్కన పెడితే, అన్నీ అనుకూలించినా ఒక వరస దాటేసరికి సంకేతం నాలుగోవంతుకు పడిపోతుంది. ఐదు వరసలకు 1024లో ఒక వంతు. పది వరసలకు పది లక్షల్లో ఒక వంతు కంటే తక్కువ. చివరి వరసలు నేర్చుకుంటూ ఉంటే మొదటి వరసలు మొదట పడేసిన వెయిట్ల దగ్గరే దాదాపు కదలకుండా కూర్చుంటాయి. వరసవారీగా గ్రేడియెంట్ల సగటు పరిమాణం ముద్రించి చూస్తే ఈ జబ్బు స్పష్టంగా కనిపిస్తుంది: వెనక్కి వెళ్లేకొద్దీ అంకెలు రెట్లకు రెట్లు కుంచించుకుపోతాయి. సెప్ హోఖ్‌రైటర్ 1991లో జర్మన్ భాషలో రాసిన తన డిప్లొమా థీసిస్‌లో ఈ క్షీణతను విశ్లేషించాడు. లోతైన నెట్‌వర్కుల లోపలి వరసల్లో సిగ్మాయిడ్ స్థానాన్ని చివరికి రెలు అనే ప్రమేయం తీసుకోవడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. ధన సంఖ్యల వైపు రెలు వాలు ఎప్పుడూ 1.

అలాగని సిగ్మాయిడ్ రంగం వదిలి వెళ్లలేదు. అవునా కాదా అని తేల్చే చివరి న్యూరాన్‌లో అదే ఉంది. హోఖ్‌రైటర్, యూర్గెన్ ష్మిడ్‌హూబర్ 1997లో ప్రచురించిన ఎల్‌ఎస్‌టీఎం నెట్‌వర్కులో గేట్లను తెరిచి మూసేదీ అదే. 0 అంటే మూసి ఉంది, 1 అంటే తెరిచి ఉంది. గేటుకు కావాల్సిన విలువలు సరిగ్గా అవే.

ఇక నిజమైన యంత్రం మీద ఈ సూత్రానికి ఉన్న హద్దు సంగతి. 32-బిట్ సంఖ్యల్లో z 20 దాటిందంటే e^(−z) ఎంత చిన్నదవుతుందంటే, 1కి దాన్ని కలిపినా కంప్యూటర్‌కు 1గానే కనిపిస్తుంది. a సరిగ్గా 1 అయిపోతుంది. 1 − a సరిగ్గా సున్నా. వాలూ సున్నానే. z 20 అయినా 200 అయినా a లో తేడా తెలియదు. మైనస్ 20 వైపు ఈ బాధ లేదు. అక్కడ a అతి చిన్న సంఖ్యే అయినా సున్నా కాదు, కాబట్టి a(1 − a) నమ్మదగినదే. ఎక్కువ కష్టం −ln(1 − a) కట్టేటప్పుడు వస్తుంది. సున్నాకు లాగరిథం అడిగితే అనంతం తిరిగొస్తుంది, అక్కడి నుంచి లెక్కంతా పాడవుతుంది. శిక్షణ మధ్యలో తప్పు విలువ దగ్గర ఉన్నట్టుండి `inf` అని గానీ `nan` అని గానీ కనిపిస్తే ముందు అనుమానించాల్సిన చోట్లలో ఇదొకటి. పైటార్చ్‌లో `BCEWithLogitsLoss` అనే ప్రమేయం సిగ్మాయిడ్‌నూ క్రాస్ ఎంట్రొపీనీ విడివిడిగా కట్టకుండా కలిపేస్తుంది, a ని కాకుండా z నే నేరుగా పుచ్చుకుంటుంది. దానికి z బదులు a ఇచ్చిన ప్రోగ్రామ్‌లో సిగ్మాయిడ్ మళ్లీ రెండుసార్లు పడుతుంది, న్యూరాన్ చెప్పగలిగిన జవాబులన్నీ 0.5కూ 0.7311కూ మధ్య ఇరుక్కుపోతాయి.